ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, బిడియం, నలభై రోజుల్లో ఇంటర్వ్యూలు: మాట్లాడటం, స్పష్టంగా రాయడం గురించి ఏ పుస్తకాలు చదవాలి?

వెనకబెంచి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదు శివార్లలోని ఒక కళాశాలలో ఎలక్ట్రానిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో గదిలో ఉంటున్నాను. ఇంకో నలభై రోజుల్లో మా కళాశాలకు కంపెనీలు రావడం మొదలవుతుంది. రాత పరీక్ష గురించి నాకు పెద్ద దిగులు లేదు. ఎదురుగా ముగ్గురు కూర్చొని నన్ను నేను పరిచయం చేసుకోమన్నా, ప్రాజెక్టు గురించి చెప్పమన్నా గొంతు ఆరిపోతుంది. గత నెల మా విభాగంలో పెట్టిన నమూనా ఇంటర్వ్యూలో, బట్టీ పట్టిన పేరాలో మూడో వాక్యం దగ్గర ఆగిపోయి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, మళ్ళీ అక్కడే ఆగిపోయాను.

రెజ్యూమెలో ప్రాజెక్టు గురించి రాసిన పేరా కూడా బాగా లేదని మా అధ్యాపకులు అన్నారు, కానీ ఎందుకు బాగా లేదో చెప్పలేదు. ఆదివారం ఆబిడ్స్‌లో పుస్తకాలు చూశాను, దేన్ని తీసుకోవాలో తోచలేదు. నలభై రోజుల్లో చదవగలిగినవి, నా వంటివాడికి నిజంగా పనికొచ్చేవి రెండు మూడు చెప్పగలరా? ఆంగ్ల పుస్తకాలైనా ఫరవాలేదు, నెమ్మదిగా చదువుకోగలను.

గళధారి

తమ్ముడూ, నేను అమీర్‌పేటలో ఆరేళ్ళుగా ఇంటర్వ్యూ శిక్షణ ఇస్తున్నాను కనుక అనుభవంతో చెబుతున్నాను. నీ సమస్య పుస్తకాలది కాదు, శరీర భాషది. మనం చెప్పే మాటల ప్రభావం ఏడు శాతమే, గొంతుది ముప్పై ఎనిమిది శాతం, ముఖకవళికలది యాభై ఐదు శాతం అని మెహ్రేబియన్ అనే ఆచార్యుడు ఎప్పుడో నిరూపించాడు. కాబట్టి ఏం చెప్పాలా అని తల బద్దలు కొట్టుకోకుండా, ఎలా కూర్చోవాలి, ఎలా చూడాలి అన్నది నేర్చుకో. ఆమీ కడ్డీ రాసిన ప్రెజెన్స్ అనే పుస్తకం తీసుకో. ఇంటర్వ్యూ గదిలోకి వెళ్ళేముందు రెండు నిమిషాలు నడుము మీద చేతులు పెట్టుకొని ఛాతీ విరుచుకొని నిలబడితే శరీరంలోని హార్మోన్లే మారిపోతాయి. అద్దం ముందు రోజూ సాధన చెయ్యి. అలాగే డేల్ కార్నెగీ పుస్తకాల్లో ఏదైనా ఒకటి చదువు.

గ్రూప్స్ ప్రయాణం

నేను మూడేళ్ళుగా చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చొని చదువుతున్నాను. ఇంటర్వ్యూ దాకా వెళ్ళాలంటే ముందు వ్యాసరచన గట్టెక్కాలి కదా, కాబట్టి రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంతో మొదలుపెట్టి, నార్మన్ లూయిస్ రాసిన వర్డ్ పవర్ మేడ్ ఈజీ పూర్తి చేయండి. నేను రోజుకు ఇరవై కొత్త పదాలు నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. వ్యాసంలో బరువైన పదాలు పడితే దిద్దేవారికి మన స్థాయి తెలుస్తుంది. ప్రభుత్వ పథకాల గణాంకాలు కూడా సిద్ధంగా ఉంచుకోండి.

పాత ప్రతి

గ్రూప్స్ ప్రయాణం గారూ, వారు అడిగింది కళాశాలకు వచ్చే కంపెనీల ఇంటర్వ్యూల గురించి, సర్వీసు కమిషన్ పరీక్ష గురించి కాదు. మీరు చెప్పిన రెండు పుస్తకాలూ మంచివే. 1949లో వచ్చిన నార్మన్ లూయిస్ పుస్తకంతో నేనూ పదాలు నేర్చుకున్నాను. అయితే ఈ కుర్రవాడు ఆగిపోయింది పదాలు లేక కాదు, మూడో వాక్యం తర్వాత ఏం చెప్పాలో లోపల లేక. నలభై రోజుల్లో ఎనిమిది వందల కొత్త పదాలు నెత్తిన పెడితే ఆగిపోయే చోట్లు పెరుగుతాయే తప్ప తగ్గవు.

నేను ఇరవై రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ కంపెనీలలో సాంకేతిక రచయితగా, అంటే యంత్రాలకూ ప్రోగ్రాములకూ వాడుక పుస్తకాలు రాసేవాడిగా పనిచేసి విరమించుకున్నాను. నా అభిప్రాయంలో వెనకబెంచికి మొదట కావలసింది ప్రసంగ పుస్తకం కాదు, రచన పుస్తకం. ప్రాజెక్టు గురించి రాసిన పేరా గందరగోళంగా ఉంటే దాన్ని బట్టీ పట్టడం కష్టం, పట్టినా ఒక పదం జారితే మొత్తం జారిపోతుంది. అదే పేరా ఒకదాని వెంట ఒకటి జరిగిన సంగతులుగా ఉంటే, బట్టీ పట్టనవసరమే ఉండదు.

ఇందుకు విలియం జిన్సర్ రాసిన ఆన్ రైటింగ్ వెల్ తీసుకోండి. 1976లో మొదట వచ్చింది. మొత్తం చదవవద్దు. సరళత గురించిన రెండో అధ్యాయం, చెత్త పదాల గురించిన మూడో అధ్యాయం, కలిపి కొద్ది పేజీలు మాత్రమే. రెండో అధ్యాయంలో ఆయన తన సొంత పుస్తకపు చిత్తుప్రతినే కొట్టివేతలతో సహా అచ్చువేసి చూపించాడు. పేరున్న రచయిత తన వాక్యాలను తానే అంత నిర్దయగా కొట్టేసుకోవడం చూస్తే, మన వాక్యాల మీద మనకున్న మమకారం కొంత తగ్గుతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పేటప్పుడు ఆయన విద్యార్థుల రాతలో పని చేయని పదాలను కొట్టివేయకుండా, వాటి చుట్టూ బ్రాకెట్లు గీసి ఇచ్చేవాడట. ఆ పదాలను వదిలి చదివి, అర్థం ఏమైనా తగ్గిందా అని విద్యార్థే చూసుకోవాలి. ఆ ఒక్క అలవాటు కోసమే ఈ పుస్తకం చెబుతున్నాను.

మీ పేరాను ఇక్కడ పెట్టండి, చూద్దాం.

గళధారి

పాత ప్రతి గారూ, మీరు రాత గురించి చెబుతున్నారు, ఇతను భయపడుతున్నది మాటకు. తొంభై మూడు శాతం మాటల్లో లేనప్పుడు పేరా దిద్ది ఏం లాభం?

కళ్ళద్దాల టీచరమ్మ

ఆ ఏడు శాతం లెక్క ఎక్కడిదో తెలిసినదాన్ని కనుక చెబుతాను. నేను మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. ఆల్బర్ట్ మెహ్రేబియన్ 1967లో తన సహపరిశోధకులతో చేసిన ప్రయోగాలలో విడి పదాలను వేరువేరు స్వరాలతో వినిపించారు, ముఖాల ఫొటోలు చూపించారు. మాట ఒకటి చెబుతూ, స్వరమో ముఖమో మరొకటి చెబుతున్నప్పుడు, ఆ మనిషికి ఇష్టం ఉందా లేదా అని విన్నవారు దేన్ని బట్టి నిర్ణయించుకున్నారన్నదే అక్కడి ప్రశ్న. ఇష్టాయిష్టాల గురించి కాని మాటలకు ఈ లెక్క వర్తించదని ఆయనే స్పష్టంగా చెప్పారు. మీరు తెలియని భాషలో వార్తలు చూసి తొంభై మూడు శాతం అర్థం చేసుకోగలరా అని మా తరగతిలో అడుగుతాను. పిల్లలు నవ్వేస్తారు.

నిలబడే భంగిమ సంగతి మరికొంత చిక్కైనది. 2010లో వచ్చిన మొదటి అధ్యయనం హార్మోన్లు మారతాయని చెప్పింది. 2015లో ఎక్కువమందితో మళ్ళీ చేసి చూసినప్పుడు హార్మోన్లలో మార్పు కనబడలేదు. మొదటి అధ్యయనపు పత్రంలో ప్రథమ రచయిత్రి అయిన డేనా కార్నీ, ఆ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని 2016లో బహిరంగంగా రాశారు. అయితే అలా నిలబడినవారు తమకు కొంత ధైర్యం వచ్చినట్టు అనిపించిందని చెప్పడం మాత్రం ఆ రెండో అధ్యయనంలోనూ కనబడింది. అందువల్ల గళధారి గారు చెప్పింది పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. ధైర్యంగా అనిపిస్తే నిలబడండి, హార్మోన్ల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

బిడియస్థులకు నిజంగా పనికొచ్చే పరిశోధన మరొకటుంది. కెన్నెత్ సవిట్స్కీ, థామస్ గిలొవిచ్ 2003లో ప్రచురించినది. మాట్లాడేవాడికి తన గుండె దడ, చేతుల వణుకు ఎదుటివారికి స్పష్టంగా కనబడుతున్నాయని అనిపిస్తుంది, కానీ వారికి అంతగా కనబడవు. ఈ సంగతిని ముందుగా చెప్పిన విద్యార్థులు, చెప్పనివారికంటే మెరుగ్గా మాట్లాడారు. విన్నవారూ అదే అన్నారు. నమూనా ఇంటర్వ్యూలో నువ్వు వణికిపోయాననుకున్నావు కదా నాయనా, నీ స్నేహితుడిని ఎవరినైనా అడుగు, అతనికి ఎంత కనబడిందో.

వెనకబెంచి

టీచరమ్మ గారూ, అడిగాను. నేను ఆగిపోవడం చూశాడు కానీ, చేతులు వణకడం వాడికి తెలియనే లేదట. కొంచెం ఊరట కలిగింది.

పాత ప్రతి గారూ, నా పేరా ఆంగ్లంలో ఉంది. చర్చ తెలుగులో ఉంది కాబట్టి దాని అర్థాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో పెడుతున్నాను. ఇదే బట్టీ పట్టాను:

"నేటి ఆధునిక ప్రపంచంలో నీటి సంరక్షణ అనేది అత్యంత ప్రాముఖ్యం కలిగిన అంశం అనే విషయం మనందరికీ తెలిసినదే. ఈ నేపథ్యంలో మా బృందం చేత మైక్రోకంట్రోలర్ ఆధారంగా పనిచేసే ఒక స్మార్ట్ నీటి నిర్వహణ వ్యవస్థ రూపొందించబడి, విజయవంతంగా అమలు చేయబడింది. ఇందులో అల్ట్రాసోనిక్ సెన్సార్ వంటి వివిధ అధునాతన పరికరాలు ఉపయోగించబడ్డాయి. దీని ద్వారా నీటి వృథా గణనీయంగా తగ్గించబడింది."

పాత ప్రతి

మీరు ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో గమనించారా? అల్ట్రాసోనిక్ సెన్సార్ వాక్యం దగ్గర. అక్కడ ఆగడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే రెండో వాక్యం నుంచి మూడో వాక్యానికి దారి లేదు. ఈ వాక్యాల వరుసను మార్చి చదివినా తేడా తెలియదు. వరుస మార్చినా తేడా తెలియని వాక్యాలను గుర్తుపెట్టుకోవడానికి మనసుకు పట్టు దొరకదు.

ఇప్పుడు జిన్సర్ పద్ధతిలో బ్రాకెట్లు గీస్తున్నాను, చూడండి:

"[నేటి ఆధునిక ప్రపంచంలో నీటి సంరక్షణ అనేది అత్యంత ప్రాముఖ్యం కలిగిన అంశం అనే విషయం మనందరికీ తెలిసినదే. ఈ నేపథ్యంలో] మా బృందం [చేత] మైక్రోకంట్రోలర్ [ఆధారంగా పనిచేసే ఒక స్మార్ట్] నీటి [నిర్వహణ వ్యవస్థ] [రూపొందించబడి, విజయవంతంగా అమలు చేయబడింది]. [ఇందులో] అల్ట్రాసోనిక్ సెన్సార్ [వంటి వివిధ అధునాతన పరికరాలు ఉపయోగించబడ్డాయి]. [దీని ద్వారా] నీటి వృథా [గణనీయంగా] తగ్గించబడింది."

బ్రాకెట్ల బయట మిగిలింది ఏమిటి? ఒక బృందం, ఒక చిప్పు, ఒక సెన్సార్, కొంత నీరు. అంటే ఈ పేరా వ్యాకరణం వల్ల చెడలేదు, సమాచారం లేక చెడింది. మొదటి వాక్యం మొత్తాన్ని కొట్టేయవచ్చు, ఎందుకంటే అందరికీ తెలిసినదేనని అదే చెబుతున్నది. "చేయబడింది", "ఉపయోగించబడ్డాయి" అన్న మాటలు ఎవరు చేశారో దాచిపెడతాయి. ఇంటర్వ్యూ చేసేవారికి కావలసింది సరిగ్గా అదే, ఎవరు చేశారన్నది.

కాబట్టి అడుగుతున్నాను. ఆ నీరు ఎక్కడిది? మీరు చేయకముందు ఏం జరిగేది? బృందంలో ఎంతమంది, మీ వంతు పని ఏది? చేస్తుండగా ఏది చెడింది, మీరేం మార్చారు? తగ్గిందని ఎలా తెలిసింది? వీటికి ఆంగ్లంలో వద్దు, మీ ఇంట్లో అమ్మకు చెప్పినట్టు తెలుగులో జవాబులు రాయండి.

వెనకబెంచి

రాస్తున్నాను. మా హాస్టల్ పైట్యాంకు దాదాపు రోజూ పొంగిపొర్లేది, ఎందుకంటే మోటారు కట్టేయడం వాచ్‌మన్ అన్నకు గుర్తుండాలి, ఆయన రెండు భవనాలు చూసుకుంటాడు. మేం నలుగురం. నీటి మట్టం కొలిచే సెన్సార్, దాని ప్రోగ్రాం నావి. మిగతావాళ్ళు మోటారు రిలే, డబ్బా, రిపోర్టు చూశారు. మొదట్లో ట్యాంకు సగం కూడా నిండకుండానే మోటారు ఆగిపోయేది. మూత తీసి చూస్తే, పైపు నుంచి నీళ్ళు పడేటప్పుడు లేచే అలల వల్ల సెన్సార్ అప్పుడప్పుడు పిచ్చి అంకెలు ఇస్తోంది. ఒక్క కొలతను నమ్మకుండా వరుసగా ఐదు తీసుకొని, వాటిని చిన్నది నుంచి పెద్దదాకా పేర్చి నడిమిదాన్ని వాడాను. పది రోజులు పెట్టి చూశాం, ఒక్కసారే పొంగింది. ఆ రోజు కరెంటు పోయి వచ్చాక రిలే దానంతటదే ఆన్ అయిపోయింది. దాన్ని ఇంకా సరిచేయలేదు.

పాత ప్రతి

చూశారా, ఇది రాయడానికి మీకు పది నిమిషాలు పట్టి ఉండదు, ఎక్కడా ఆగిపోయినట్టూ లేదు. వాక్యాలు పొట్టిగా ఉన్నాయి, ఒక్కొక్కటీ తర్వాతిదాన్ని వెంట తెచ్చుకుంటున్నది. ట్యాంకు పొంగింది కాబట్టి సెన్సార్ వచ్చింది. సెన్సార్ తడబడింది కాబట్టి ఐదు కొలతలు వచ్చాయి. వీటి వరుస మార్చి చదవడం సాధ్యం కాదు.

దీన్నే సులభమైన ఆంగ్లంలోకి మార్చండి. రెజ్యూమెలోకి మూడు వాక్యాలు చాలు, నోటితో చెప్పడానికి మొత్తం ఉంచుకోండి. ఆంగ్లంలో తాపీగా మాట్లాడేవారు నిమిషానికి సుమారు నూట ముప్పై నుంచి నూట యాభై పదాలు పలుకుతారు. మీరు నూట ఇరవైతో లెక్క వేసుకోండి. రెండు నిమిషాల జవాబుకు రెండు వందల నలభై పదాలు దాటనివ్వకండి. ఫోనులో రికార్డు చేసి సమయం చూసుకుంటే, భయంలో మీరు ఎంత వేగం పెంచుతున్నారో కూడా తెలుస్తుంది.

ప్యానెల్ కుర్చీ

నేను ఒక మధ్యస్థాయి ఎలక్ట్రానిక్స్ కంపెనీ తరఫున ఏటా నగరంలోని కళాశాలలకు ఇంటర్వ్యూలకు వెళతాను. మొదటి పేరా వంటిదాన్ని ఒక్క రోజులో ముప్పైసార్లు వింటాం. పేరు మారుతుంది, పేరా మారదు. రెండో దాన్ని వింటే నేను కలం పక్కన పెట్టి అడగడం మొదలుపెడతాను. ఇంత చిన్న పనికి అల్ట్రాసోనిక్ ఎందుకు, నీటి మీద తేలే బంతి స్విచ్ పెడితే చవక కదా అని అడుగుతాను. సగటు తీసుకోకుండా నడిమి విలువ ఎందుకు తీసుకున్నావని అడుగుతాను. ఈ రెండింటికీ జవాబు సిద్ధంగా ఉంచుకో బాబూ. జవాబు తప్పైనా ఫరవాలేదు, ఆలోచించి చెబితే చాలు.

బిడియం గురించి ఒక మాట. ప్రశ్న విన్న తర్వాత మూడు నాలుగు సెకన్లు మౌనంగా ఆలోచించడాన్ని మేం తప్పుగా చూడము. ఆ మౌనాన్ని భరించలేక వెంటనే ఏదో ఒకటి అనేసేవారే ఎక్కువగా తప్పు దారి పడతారు.

గళధారి

కరెంటు పోయి వచ్చాక ఆన్ అయిపోతుందని ఇంటర్వ్యూలో ఎందుకు చెప్పాలి? మన లోపాన్ని మనమే చేతిలో పెట్టినట్టు కాదా? నా విద్యార్థులకు నేను ఎప్పుడూ చెప్పేది, అడగనిది చెప్పవద్దని.

ప్యానెల్ కుర్చీ

నా మటుకు, ఆ ఒక్క వాక్యం విన్నాకే ఇతను నిజంగా ట్యాంకు పక్కన నిలబడ్డాడని నమ్ముతాను. అయితే మీ మాటలోనూ నిజం లేకపోలేదు. నాతోపాటు కూర్చునే ఒక సహోద్యోగి లోపం వినగానే దాన్నే పట్టుకొని పది నిమిషాలు లాగుతారు. బాబు దాన్ని సరిచేసి వెళ్ళగలిగితే మంచిది. లేకపోతే ఎలా సరిచేస్తాడో అన్నా తెలిసి ఉండాలి.

పాత ప్రతి

ఆ రిలే సంగతి నాకు కొంత తెలుసు. చాలా రిలే బోర్డులు తక్కువ వోల్టేజి అందితే ఆన్ అయ్యేలా ఉంటాయి. చిప్పు నిద్ర లేచే క్షణంలో పిన్ను ఏ స్థితిలో ఉంటుందో చూసుకోకపోతే ఇలా జరుగుతుంది. ప్రోగ్రాంలో మొట్టమొదటి పనిగా ఆ పిన్నును ఆఫ్ స్థితిలో పెట్టి, ఆ తర్వాతే అవుట్‌పుట్‌గా ప్రకటించండి. దానితో సరిపోకపోతే ఒక పుల్‌అప్ రెసిస్టర్ పెట్టి చూడండి. చర్చ పుస్తకాల గురించి కాబట్టి ఇంతటితో ఆపుతాను.

ఇక ప్రసంగ పుస్తకం. గళధారి గారు కార్నెగీ పుస్తకాల్లో ఏదైనా ఒకటి అన్నారు, అక్కడ నాకు చిన్న అభ్యంతరం ఉంది. అందరి చేతుల్లో కనబడే 1936 నాటి పుస్తకం మనుషులతో మెలగడం గురించినది, ప్రసంగం గురించినది కాదు. మీకు కావలసింది ది క్విక్ అండ్ ఈజీ వే టు ఎఫెక్టివ్ స్పీకింగ్. 1955లో కార్నెగీ మరణించాక, ఆయన పాత ప్రసంగ పుస్తకాన్ని ఆయన భార్య డొరొతీ సవరించి 1962లో తెచ్చారు. అందులోనూ మొదటి మూడు అధ్యాయాలు చాలు. ఆయన రెండు మాటలు గట్టిగా చెబుతాడు. అనుభవం వల్లనో శ్రమపడి చదవడం వల్లనో మాట్లాడే హక్కు సంపాదించుకున్న విషయం గురించే మాట్లాడమంటాడు. మాటకు మాట బట్టీ పట్టవద్దంటాడు. మీ విషయంలో ఆ హక్కు హాస్టల్ ట్యాంకు దగ్గర వచ్చింది. మిగతా అధ్యాయాలలో ఉత్సాహపు కథలు ఎక్కువ, అమెరికా సేల్స్‌మన్ల కోసం రాసినట్టుంటాయి. వాటిని దాటవేయవచ్చు.

వెనకబెంచి

బట్టీ పట్టవద్దంటే నాకు భయంగా ఉంది. కనీసం మొదటి వాక్యమైనా బట్టీ పడితే తప్పా? అది నోటికి రాకపోతే మిగతాది మొదలే కాదు.

కళ్ళద్దాల టీచరమ్మ

దీనికి జవాబు గాంధీ గారి సత్యశోధనలో ఉంది. మొదటి భాగంలో తన సిగ్గు గురించి ఒక అధ్యాయం రాశారు. లండన్‌లో శాకాహార సంఘం సమావేశానికి తన అభిప్రాయం కాగితం మీద రాసుకెళ్ళి, చదివే ధైర్యం లేక మరొకరి చేత చదివించారు. స్వదేశానికి తిరిగివచ్చే ముందురోజు స్నేహితులకు విందు ఇచ్చి, ఒక హాస్యపు కథతో ప్రసంగం మొదలుపెట్టాలని జాగ్రత్తగా సిద్ధం చేసుకున్నారు. మొదటి వాక్యం వచ్చింది, రెండోది రాలేదు. నవ్వించబోయి తానే నవ్వులపాలయ్యానని రాసుకున్నారు. అందుకే మొదటి వాక్యం ఒక్కటీ బట్టీ పడితే చాలదంటాను, మొదటి దాని నుంచి రెండోదానికి దారి తెలియాలి.

ఇది ప్రసంగ పుస్తకం కాదు కానీ, తెలుగులో దొరుకుతుంది కనుక ఆ అధ్యాయం చదువు. తన తడబాటు వల్లనే మాటలను పొదుపుగా వాడటం అలవడిందని ఆయన చివర్లో చెబుతారు. బ్రాకెట్లు గీయడం కూడా అదే పని.

ప్యానెల్ కుర్చీ

టీచరమ్మ గారితో ఇక్కడ నేను ఏకీభవించలేను. మొదటి వాక్యం ఒక్కటి బట్టీ పట్టుకొని వచ్చినవారు కుదుటపడటం నా కళ్ళతో చూస్తున్నాను. ఆ పది సెకన్లలో గొంతు తడి అవుతుంది. తర్వాతిది సంగతుల వరుసను బట్టి సాగుతుంది.

మైకు పట్టినవాడు

నేనూ ఒకప్పుడు మీలాంటివాణ్ణే, అందుకే రాస్తున్నాను. నాకు పుస్తకం కంటే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్ ఎక్కువ పనిచేసింది. 1924లో కాలిఫోర్నియాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన సంస్థ ఇది. మన నగరంలో హైటెక్ సిటీ వైపు కూడా చాలా క్లబ్బులున్నాయి. సభ్యత్వం తీసుకోకముందే అతిథిగా వెళ్ళి చూడనిస్తారు. మొదటి ప్రసంగం మన గురించే, నాలుగు నుంచి ఆరు నిమిషాలు. నాకు మూడో నిమిషానికే సరుకు అయిపోయింది. అక్కడికక్కడ ప్రశ్న ఇచ్చి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడమనే భాగం ఒకటుంది, అదే అచ్చం ఇంటర్వ్యూలా ఉంటుంది. మనం ఎన్నిసార్లు "ఆ", "ఊ" అన్నామో లెక్కపెట్టి చెప్పేందుకు ఒకరిని కూర్చోబెడతారు. మొదటిసారి నాకు ఇరవై మూడు వచ్చాయి, నేను ఒకటో రెండో అనుకున్నాను.

ఇంకో సంగతి. నేను కంపెనీ మారేటప్పుడు జీతం గురించి మాట్లాడటంలో ఇరుక్కున్నాను, దానికి ఎవరైనా పుస్తకం చెబితే బాగుండు.

పాత ప్రతి

మైకు పట్టినవాడు గారూ, జీతం సంగతి వేరే చర్చగా పెట్టండి, ఇక్కడ కలిస్తే ఇతని ప్రశ్న మునిగిపోతుంది. క్లబ్ సలహా మాత్రం బాగుంది. దూరం అనుకుంటే ఆ "ఆ", "ఊ" లెక్కను గదిలో స్నేహితుడి చేత వేయించుకోవచ్చు.

గ్రూప్స్ ప్రయాణం

నేను ప్రశ్నను సరిగా చదవలేదు, మన్నించండి. పుస్తకాల కోసం కొత్తవి కొనవలసిన పని లేదు. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది, ఒకప్పటి ఆసఫియా, అక్కడ ఆంగ్ల విభాగంలో కూర్చొని చదువుకోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో వెళ్ళి ఎం.జి.బి.ఎస్. దగ్గర దిగితే కొద్దిపాటి నడక. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద జిన్సర్ పాత ముద్రణలు దొరికితే తీసుకోండి, మీకు చెప్పిన ఆ రెండు అధ్యాయాలకు పాతదైనా పనికొస్తుంది. బరువైన పదాల గురించి నేను రాసింది వ్యాసాల విషయంలో అయినా సరే, పాత ప్రతి గారి బ్రాకెట్లు చూశాక నా వ్యాసం ఒకటి తీసి గీశాను. సగం పోయింది. అది నాకు సంతోషంగా లేదు.

వెనకబెంచి (పన్నెండు రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. జిన్సర్ రెండు అధ్యాయాలు చదివాను, రెండోసారి చదివాక బాగా అర్థమైంది. కార్నెగీ మొదటి అధ్యాయం దగ్గరే ఉన్నాను. సత్యశోధనలోని ఆ అధ్యాయాన్ని మా గదిలో అందరం చదివాం.

నిన్న విభాగంలో మళ్ళీ నమూనా ఇంటర్వ్యూ జరిగింది. మొదటి వాక్యం ఒక్కటే బట్టీ పట్టాను. ట్యాంకు కథ మధ్యలో ఒకసారి ఆగాను, కానీ అలల వల్ల సెన్సార్ తడబడిందన్న సంగతి గుర్తొచ్చి అక్కడినుంచి అందుకున్నాను. మొదలుకు తిరిగి వెళ్ళలేదు. నా స్నేహితుడి లెక్క ప్రకారం "ఆ"లు పద్నాలుగు. బంతి స్విచ్ ఎందుకు పెట్టలేదని మా అధ్యాపకులు నిజంగానే అడిగారు. ట్యాంకు ఎంత నిండిందో వాచ్‌మన్ అన్నకు కింద తెరమీద చూపించాలనుకున్నామని, బంతి స్విచ్ అయితే నిండిందా లేదా అనే చెబుతుందని అన్నాను. సగటుకు బదులు నడిమి విలువ ఎందుకన్నదానికి, ఒక్క పిచ్చి అంకె సగటును లాగేస్తుందని, నడిమిదాన్ని లాగలేదని చెప్పాను. రిలే సంగతి పాత ప్రతి గారు చెప్పినట్టు ప్రోగ్రాంలో మార్చాను, ఇప్పటికి మూడుసార్లు మెయిన్ కట్టేసి చూశాను, ఆన్ కాలేదు.

ఒక్కదానికి మాత్రం జవాబు రాలేదు. "నీ బలహీనత ఏమిటి" అని అడిగారు. బిడియం అని చెప్పాలా వద్దా తెలియక ఊరుకున్నాను.

గళధారి

చెప్పవద్దు.

ప్యానెల్ కుర్చీ

చెప్పు. అయితే బిడియం అన్న పదం దగ్గర ఆగవద్దు. మొదటి నమూనా ఇంటర్వ్యూలో బట్టీ పట్టిన పేరాలో ఎక్కడ ఆగిపోయావో, నిన్న ఎక్కడినుంచి అందుకున్నావో ఇక్కడ రాసినట్టే చెప్పు. అది రెండు మూడు వాక్యాలలో ఎలా చెబుతావో రాసి పెట్టు, పాత ప్రతి గారు బ్రాకెట్లు గీస్తారు.